నో క్లెయిమ్ సర్టిఫికెట్ ఇప్పించవలసిందిగా విన్నపం

విశాఖపట్నం,
2-8-2025

బ్రాంచ్ మేనేజర్ గారికి,
మోటారు బీమా విభాగం,
డాబా గార్డెన్స్ శాఖ.

అయ్యా,

నా కారుకు 2021 ఆగస్టు నుంచి మీ దగ్గరే పాలసీ ఉంది. అది ఈ నెల 14న ముగుస్తుంది. ఈసారి వేరే కంపెనీలో తీసుకుంటున్నాను. నాలుగేళ్లలో ఒక్క క్లెయిమ్ కూడా చేయలేదు. నిరుడు మద్దిలపాలెం జంక్షన్‌లో ఆటో తగిలి వెనక బంపర్ చీలితే, బోనస్ పోతుందని 2,800 రూపాయలు నా జేబులోంచే కట్టుకున్నాను. ఆ రసీదు ఇప్పటికీ డ్యాష్‌బోర్డులోనే ఉంది.

ప్రస్తుత పాలసీలో 35 శాతం బోనస్ చూపించారు. ఈ ఏడాదీ క్లెయిమ్ లేదు కాబట్టి 45 శాతానికి అర్హత వస్తుంది. కొత్త కంపెనీ వేసిన ఓన్ డ్యామేజ్ ప్రీమియం 8,600. అందులో 3,870 తగ్గాలంటే మీ సర్టిఫికెట్ కావాలంటున్నారు.

సోమవారం కౌంటర్‌లో అడిగితే "ఇక్కడే రెన్యువల్ చేసుకోండి, సర్టిఫికెట్ ఎందుకు?" అన్నారు. బోనస్ కారుది కాదు, యజమానిది. ఎక్కడికి మారినా నా వెంటే వస్తుంది.

పాలసీ కాలం, క్లెయిములు లేవన్న మాట, అర్హమైన శాతం స్పష్టంగా రాసి, సంతకం, ముద్రతో 8వ తేదీలోపు ఇప్పించగలరు. మెయిల్‌లో పంపినా చాలు. ఆ తర్వాత 14వ తేదీ వరకు ఏమైనా మార్పుంటే కొత్త కంపెనీకి నేనే తెలియజేస్తాను.

పాలసీ, ఆర్‌సీ నకళ్లు జతచేశాను.

ఇట్లు,
కె. సత్యనారాయణ,
ఎంవీపీ కాలనీ