ఎండాకాలం పని వేళలు మారుతున్నాయి: సిబ్బంది అందరికీ నోటీసు

గ్రానైట్ కటింగ్, పాలిషింగ్ యూనిట్, తాడిపత్రి, అనంతపురం జిల్లా
తేదీ: 2025 ఏప్రిల్ 7, సోమవారం
తెలుగు నోటీసు ఎడమ పక్క, ఇంగ్లీషు నోటీసు కుడి పక్క

ఏప్రిల్ 10, గురువారం నుంచి జూన్ 14, శనివారం దాకా యార్డు పని వేళలు మారుతున్నాయి. ఉదయం 11:30 నుంచి సాయంత్రం 4:30 వరకు యార్డులో ఎవరూ పని చేయకూడదు. లోడు అర్జెంటైనా, లారీ గేటు దగ్గర నిలబడి ఉన్నా, ఫోన్‌లో ఎవరు చెప్పినా ఇదే మాట.

యార్డు మొదటి షిఫ్టు ఉదయం 5:30కి మొదలై మధ్యాహ్నం 2:00కి అయిపోతుంది. 8:30 నుంచి 9:00 వరకు టిఫిన్‌కు విరామం. 11:30కి క్రేన్ ఆపేసి, పావుగంట నీడలో కూర్చుని, నీళ్లో మజ్జిగో తాగి, ఆ తర్వాత షెడ్డులోకి రావాలి. అక్కడ స్లాబులు కడగడం, సైజులు రాయడం, చెక్క ఫ్రేములు కట్టడం లాంటి పనులు 2:00 వరకు ఉంటాయి. రెండో షిఫ్టు సాయంత్రం 4:30కి మొదలై రాత్రి 1:00కి ముగుస్తుంది, 8:30కి భోజన విరామం అరగంట. రాత్రి క్రేన్ నడిచేటప్పుడు యార్డు లైట్లన్నీ వెలగాలి. ఒక్క లైటు పోయినా ఆ పక్క బ్లాకు ఎత్తకండి, ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ఆగండి.

కటింగ్, పాలిషింగ్ షెడ్డు షిఫ్టులు, ఆఫీసు వేళలు మారడం లేదు. ప్యాకింగ్, స్వీపింగ్ చేసే అక్కచెల్లెళ్లు ఉదయం 6:00కి వచ్చి 2:00కి వెళ్తారు.

జీతం గురించి అడుగుతున్నారు కాబట్టి ఇక్కడే చెప్తున్నాం. ఎవరి కూలీలో, జీతంలో ఒక్క రూపాయి కూడా తగ్గదు. నీడలో కూర్చున్న పావుగంట కూడా పని కిందే లెక్క. ఒంట్లో బాగోలేక మధ్యలో ఆగినవాళ్లకు ఆ రోజు హాజరు పూర్తిగా పడుతుంది, అరపూట వేయరు. టైమ్ ఆఫీసులో ఎవరైనా వేరేగా రాస్తే నేరుగా నా దగ్గరికి రండి.

తెల్లవారుజామున రావడం కష్టమని తెలుసు. యాడికి, పుట్లూరు, పెద్దపప్పూరు వైపు నుంచి వచ్చేవాళ్లకు వ్యాన్లు 4:30కి బయల్దేరతాయి, ఎక్కే చోట్లు ఎప్పుడూ ఉండేవే. మధ్యాహ్నం 2:15కి గేటు దగ్గర తిరుగు వ్యాను సిద్ధంగా ఉంటుంది. ఆ ఎండలో బండి మీదో నడిచో పోవద్దు, సీటు లేకపోతే వాచ్‌మన్‌కు చెప్పండి, ఆటో మాట్లాడి పంపిస్తాం, డబ్బులు కంపెనీ ఇస్తుంది.

ఇక నీళ్లు. ఫ్యాక్టరీల చట్టం, 1948లో 18వ సెక్షన్ ప్రకారం తాగునీళ్లు పెట్టడం యాజమాన్యం బాధ్యత. 250 మందికి పైగా పనిచేసే చోట ఎండాకాలంలో చల్లని నీళ్లు తప్పనిసరి. మన దగ్గర అంతమంది లేరు, అయినా చల్లని నీళ్లే పెడుతున్నాం. యార్డులో రెండు చోట్ల, షెడ్డులో రెండు చోట్ల, గేటు దగ్గర ఒక చోట క్యాన్లు ఉంటాయి. వాటి మీద ‘తాగునీళ్లు’ అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెద్దగా రాయించాం, ఎందుకంటే స్లాబులు కడిగే నీళ్ల డ్రమ్ములు కూడా నీలం రంగువే. రాయని డ్రమ్ములో నీళ్లు తాగకండి. దాహం వేసేదాకా ఆగకుండా ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు తాగండి. 10:00కి మజ్జిగ వస్తుంది, ఉప్పు వేసే ఇస్తారు. నన్నారి షర్బత్ కావాలని కొందరు అడిగారు, శనివారాలు ఇద్దామనుకుంటున్నాం, కానీ అది నీళ్లకు బదులు కాదు.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో ఉన్నాయి. లీటరు ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలపాలి. సగం ప్యాకెట్ గ్లాసులో వేసుకుని తాగడం చూస్తున్నాం, అలా చేస్తే పాళ్లు తప్పుతాయి. కలిపింది ఆ రోజే తాగేయాలి, మిగిలితే పారబోయండి.

బీపీ, షుగరు, గుండెకు మందులు వాడేవాళ్లు టైమ్ ఆఫీసులో ఒక మాట చెప్పండి. మిమ్మల్ని పనిలోంచి తీసేయడానికి కాదు, ఎండాకాలమంతా షెడ్డులోనే డ్యూటీ వేయడానికి. ఎంత నీళ్లు తాగాలో, ఉప్పు, ఓఆర్ఎస్ వాడొచ్చో లేదో మీ డాక్టరునే అడగండి.

ఈ భాగం అందరూ చదవండి, చదవడం రానివాళ్లకు పక్కవాళ్లు చదివి చెప్పండి. తల తిరగడం, తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, కాళ్ల పిక్కలు పట్టేయడం, ఇవి మొదలైతే పని ఆపి నీడకు వచ్చి సూపర్వైజర్‌కు చెప్పాలి. పోయిన మే నెలలో యార్డులో ఒక అన్న బ్లాకు పక్కనే పడిపోయాడు. పొద్దున్నుంచీ తల నొస్తోందని తోటివాళ్లతో అన్నాడట, ‘పని ఎగ్గొడుతున్నాడు అనుకుంటారేమో’ అని సూపర్వైజర్‌కు మాత్రం చెప్పలేదు. బతికి బయటపడ్డాడు, అదే సంతోషం. అలా ఎవరూ దాచుకోకూడదనే ఇంత పొడవుగా రాస్తున్నాం. ఒంట్లో బాగోలేదని చెప్పినవాళ్లను సూపర్వైజర్లు ఎవరైనా మాటంటే ఆ సూపర్వైజర్ నాకు జవాబు చెప్పుకోవాలి.

మనిషి తికమకగా మాట్లాడుతున్నా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా, ఒళ్లు పెనంలా కాలిపోతున్నా అది వడదెబ్బ. చెమట పడుతోంది కదా, పర్లేదులే అనుకోకండి, చెమట పడుతున్నా వడదెబ్బ కావచ్చు. ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఇంకొకరు గేటు దగ్గర నిలబడి అంబులెన్సుకు దారి చూపాలి. మిగతావాళ్లు మనిషిని నీడకు చేర్చి, చొక్కా విప్పి, ఒంటి నిండా నీళ్లు పోసి గట్టిగా విసరాలి. మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో ఐసు గుడ్డలో చుట్టి పెట్టాలి, ఐసు క్యాంటీన్ ఫ్రిజ్‌లో ఎప్పుడూ ఉంటుంది. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి. మేనేజరుకు చెప్పాలా, ఎవరి పర్మిషన్ కావాలి అని చూడొద్దు, ముందు 108.

లారీ డ్రైవర్లకు, స్లాబులు చూసుకోవడానికి వచ్చే కొనుగోలుదార్లకు ఈ వేళల సంగతి డిస్పాచ్ వాళ్లు ముందే చెప్పాలి. పగలు వచ్చిన డ్రైవర్లు క్యాబిన్‌లో మగ్గిపోకుండా రెస్ట్ రూమ్‌లో కూర్చోవచ్చు, ఫ్యాన్లు వేయించాం.

ఇంగ్లీషు నోటీసులో వేళలు, తేదీలు ఇవే. అది వేరే రాష్ట్రాల ఇంజినీర్లు, డ్రైవర్లు, బయటి నుంచి వచ్చేవాళ్ల కోసం. రెండింట్లో ఎక్కడైనా తేడా కనిపిస్తే మన మనుషులకు తెలుగులో ఉన్నదే లెక్క, తేడా ఉందని మాత్రం టైమ్ ఆఫీసులో చెప్పండి, అదే రోజు సరిచేస్తాం. రాజస్థాన్, ఒడిశా, బీహార్ నుంచి వచ్చి ఈ రెండూ చదవలేనివాళ్లకు ఏప్రిల్ 9 సాయంత్రం 5:30కి గేటు దగ్గర హిందీలో చదివి వినిపిస్తాం. సెక్షన్ సూపర్వైజర్లు వాళ్లను వెంటబెట్టుకుని రావాలి, రాత్రి డ్యూటీ వాళ్లకు మర్నాడు షిఫ్టు మొదట్లో చెప్పాలి.

వర్షాలు ముందే పడి ఎండ తగ్గినా జూన్ 14 దాకా ఇవే వేళలు. ఆ తర్వాత కూడా ఎండ తగ్గకపోతే పొడిగిస్తూ ఇదే బోర్డు మీద నోటీసు పెడతాం. అభ్యంతరాలు, సలహాలు ఏవైనా ఉంటే బుధవారం మధ్యాహ్నంలోపు టైమ్ ఆఫీసులో నోటితో చెప్పినా చాలు.

సంతకం
ఫ్యాక్టరీ మేనేజర్

కాపీలు: మెయిన్ గేటు, యార్డు, కటింగ్ షెడ్డు, పాలిషింగ్ షెడ్డు, క్యాంటీన్, డిస్పాచ్, టైమ్ ఆఫీసు