స్లిప్ టెస్టు ఏడో ప్రశ్న: పరావలయం మీద అతి దగ్గరి బిందువు

ప్రశ్న మళ్ళీ రాస్తున్నాను. x² = 4y పరావలయం మీద (10, 11) బిందువుకు అతి దగ్గరగా ఉన్న బిందువేది? ఆ కనిష్ఠ దూరమెంత?

పేపర్లు దిద్దుతుంటే సగానికి పైగా ఒకటే జవాబు కనిపించింది: బిందువు (-4, 4), దూరం 7√5. చాలామంది లెక్క నీట్‌గా చేశారు, రెండో అవకలజం కూడా చూసి "కనిష్ఠం" అని కింద గీత గీశారు. అయినా జవాబు తప్పు. ఎక్కడ తప్పిందో తెలియాలంటే మొదటి నుంచీ వెళ్దాం. ముందు క్లాసులో చేసిన సులువైన లెక్క, (10, 1) బిందువుది.

బిందువు బయట ఉందో లేదో చూసుకోండి. x² - 4y లో ప్రతిక్షేపిస్తే 100 - 4 = 96, ధనాత్మకం, అంటే బయటే. ఇది ఊరికే అలవాటు కొద్దీ చేసే పని కాదు, ఎందుకో ఇంకాసేపట్లో తెలుస్తుంది.

పరావలయం మీది బిందువును P(2t, t²) అనుకుందాం. x, y అని రెండు చలరాశులతో కుస్తీ పట్టే బదులు t ఒక్కటే పెట్టుకుంటే వర్గమూలాలు మధ్యలో దూరవు. దూరం D అయితే

D² = (2t - 10)² + (t² - 1)²

D ని వదిలి D² ని ఎందుకు పట్టుకుంటున్నాం? D ఎప్పుడూ రుణాత్మకం కాదు. D పెరిగితే D² పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. కాబట్టి D² ఏ t దగ్గర కనిష్ఠమో D కూడా అక్కడే కనిష్ఠం. D² ని f అంటే, D అవకలజం f'/(2D) అవుతుంది. బిందువు పరావలయం మీద లేదు కాబట్టి D ఎక్కడా సున్నా కాదు, ఆ హారంతో ఇబ్బంది లేదు. రెండింటి అవకలజాలూ ఒకే చోట్ల సున్నా అవుతాయి. √ గుర్తును మోసుకుంటూ అవకలనం చేసినవాళ్ళు ముగ్గురున్నారు. వాళ్ళది తప్పని కాదు, పేజీన్నర పట్టింది.

f'(t) = 4(2t - 10) + 4t(t² - 1) = 4(t³ + t - 10)

t = 2 పెడితే 8 + 2 - 10 = 0. మిగిలిన కారణాంకం t² + 2t + 5, దాని విచక్షణి 4 - 20 = -16, ఇక వాస్తవ మూలాల్లేవు. ఒక్కటే మూలం కాబట్టి సందేహం లేదు. P = (4, 4), D² = 36 + 9 = 45, D = 3√5.

సరిచూసుకోవడానికి ఒక పని చేయండి. (4, 4) దగ్గర స్పర్శరేఖ వాలు x/2 = 2. (10, 1) నుంచి (4, 4)కి గీసిన రేఖ వాలు -3/6 = -1/2. లబ్ధం -1. అంటే దగ్గరి బిందువుకు గీసిన రేఖ అక్కడ పరావలయానికి అభిలంబం. f' = 0 అన్న సమీకరణం చెప్పేదీ అదే. అందుకే 2బి లో అభిలంబాల లెక్కలు చేసినవాళ్ళకు ఈ ఘన సమీకరణం పాత చుట్టంలా కనిపిస్తుంది. అవకలనం పుట్టడానికి ఎంతో ముందే, క్రీ.పూ. 200 ప్రాంతంలో, గ్రీకు గణితవేత్త అపొలోనియస్ శంకుఛేదాల మీద రాసిన గ్రంథం ఐదో భాగంలో అతి చిన్న, అతి పెద్ద రేఖల గురించి ఇదే కోణంలో వాదించాడు.

ఇక మన ఏడో ప్రశ్న. (10, 11)కి 100 - 44 = 56, బయటి బిందువే.

f(t) = (2t - 10)² + (t² - 11)²
f'(t) = 4(t³ - 9t - 10)

t = -2 పెడితే -8 + 18 - 10 = 0. మూలం దొరికింది. f''(t) = 4(3t² - 9), t = -2 దగ్గర 12, ధనాత్మకం. P = (-4, 4), D² = 196 + 49 = 245, D = 7√5. మీలో చాలామంది ఇక్కడే పెన్ను పెట్టేశారు.

ఒక్క నిమిషం బొమ్మ వేసి ఉంటే చాలు. y = 11 ఎత్తులో పరావలయం కుడి కొమ్మ x = 2√11 దగ్గర, అంటే సుమారు 6.63 దగ్గర ఉంటుంది. మన బిందువు x = 10 దగ్గర. అడ్డంగా వెళ్తేనే దూరం 3.37. 7√5 అంటే 15.65! మూడున్నర లోపల బిందువు కళ్ళెదుట ఉంటే, అవతలి కొమ్మ మీది బిందువును దగ్గరిదని రాశాం.

మిగతా మూలాలు తీద్దాం. t³ - 9t - 10 = (t + 2)(t² - 2t - 5), కాబట్టి t = 1 ± √6. ఇప్పుడు మూడు చోట్లా f విలువలు:

t = -2: f = 245
t = 1 - √6: f = 128 + 48√6 ≈ 245.58
t = 1 + √6: f = 128 - 48√6 ≈ 10.42

నడిమిది స్థానిక గరిష్ఠం, మొదటిది స్థానిక కనిష్ఠం, అసలు కనిష్ఠం మూడోది. మొదటి రెండింటి మధ్య తేడా అర కంటే కాస్త ఎక్కువ, అంతే. అలాంటి చిన్న గుంటలో కాలు పడి, లోయ అడుగుకు చేరామనుకున్నాం. f'' > 0 అంటే ఆ చుట్టుపక్కల ఇదే తక్కువ అని మాత్రమే. మొత్తం వక్రం మీద ఇదే తక్కువ అని అది చెప్పదు.

జవాబు: బిందువు (2 + 2√6, 7 + 2√6), అంటే సుమారు (6.90, 11.90). కనిష్ఠ దూరం √(128 - 48√6) ≈ 3.23. అడ్డంగా కొలిచిన 3.37 కంటే తక్కువే వచ్చింది, బాగుంది.

ప్రతిసారీ మూడు మూలాలూ తీయాలా అని ఎవరో అడుగుతారు. అక్కర్లేదు. బిందువు (a, b), a > 0 అనుకోండి.

f(-t) - f(t) = 8at

t > 0 అయితే ఇది ధనాత్మకం. అంటే ఎడమ కొమ్మ మీది ఏ బిందువైనా, కుడి కొమ్మ మీది దాని ప్రతిబింబం కంటే దూరమే. f'(t) = 4(t³ + (2 - b)t - a) లో గుణకాల గుర్తు ఒక్కసారే మారుతుంది, (2 - b) ఏదైనా సరే. కాబట్టి ధన మూలం ఒక్కటే, అదే జవాబు. a కి ఏ గుర్తో t కీ అదే గుర్తు. -2 కనపడగానే అనుమానం రావలసింది.

a = 0 అయితే? నాకిష్టమైన ఉచ్చు అది. (0, -3) తీసుకోండి. x² = 4y అని x ని తీసేసి D² = 4y + (y + 3)² = y² + 10y + 9 అని రాస్తే అవకలజం y = -5 ఇస్తుంది. పరావలయం మీద y రుణాత్మకం కానే కాదు! y ≥ 0 అన్న షరతు ఎటో పోయింది. t తో చేస్తే t³ + 5t = 0, t = 0, శీర్షం దగ్గర దూరం 3.

(-4, 4) రాసినవాళ్ళకు f' వరకూ సరిగా ఉంటే నాలుగులో రెండు మార్కులు వేశాను. రేపు (-10, 11)తో చేసి తీసుకురండి, ఈసారి బొమ్మ వేసి.