రిజిస్టరు నుంచి కంప్యూటరుకు మార్పు: 2026 జూన్ 8 సమావేశం మినిట్స్

హాజరైనవారు: సుజాత గారు (గ్రంథపాలకురాలు, అధ్యక్షత), వెంకటేశ్వర్లు గారు (రిజిస్టరు), ఫాతిమా గారు (సభ్యత్వాలు), రమేశ్ గారు (కంప్యూటర్లు). రాసినది: అనిత. గౌరి గారు సెలవులో ఉన్నారు.

1. ప్రారంభ తేదీ
కొత్త పద్ధతి జూన్ 22, సోమవారం ఉదయం మొదలవుతుంది. దానికి ముందు శని, ఆదివారాలు (20, 21) పుస్తకాలు ఇవ్వడం, తీసుకోవడం ఉండదు. ఈ సంగతి తెలిపే బోర్డును ఫాతిమా గారు జూన్ 11 గురువారం లోపు తలుపు దగ్గర పెడతారు.

2. సభ్యుల జాబితా
ఒకే మనిషి పేరు రెండు మూడు రకాలుగా నమోదైనట్టు గుర్తించాం. నా నోట్సులో "జాబితా సరిచేయాలి, అందరూ చూద్దాం" అని మాత్రమే ఉంది. అందరి పని అంటే ఎవరి పనీ కాకుండా పోతుందని, సమావేశం తర్వాత ఫాతిమా గారిని అడిగాను. బాధ్యత ఆమె తీసుకున్నారు. గడువు: జూన్ 12 శుక్రవారం, సాయంత్రం 5 గంటలు. అనుమానం ఉన్న పేర్లను తుడిచేయకుండా విడిగా రాసి ఉంచుతారు.

3. చిరిగిన పేజీలు
పాత రిజిస్టరులో చదవలేని పేజీలను వెంకటేశ్వర్లు గారు అరలలోని పుస్తకాలతో పోల్చి పూరిస్తారు. గడువు: జూన్ 15 సోమవారం. ఇది ఆలస్యమైతే రమేశ్ గారి పని ఆగిపోతుంది. అందువల్ల పని వెనకబడుతోందనిపిస్తే 13వ తేదీకే సుజాత గారికి చెప్పాలి.

4. సమాచారం ఎక్కించడం, బ్యాకప్
రమేశ్ గారు జూన్ 18 గురువారానికి మొత్తం సమాచారం ఎక్కిస్తారు. బ్యాకప్ తీసుకుంటే చాలదని, దాన్ని మరో కంప్యూటరులో తెరిచి చూడాలని సుజాత గారు అడిగారు. ఆ పరీక్ష ఫలితాన్ని రమేశ్ గారు జూన్ 19 ఉదయం 10 గంటలలోపు చూపిస్తారు.

5. రిజిస్టరు ఎప్పటిదాకా
చర్చ ఎక్కువగా దీనిమీదే సాగింది. నెల రోజులు రెండుచోట్లా రాయాలని వెంకటేశ్వర్లు గారు కోరారు. అలా చేస్తే లెక్కలు తప్పుతాయని రమేశ్ గారి అభ్యంతరం. సుజాత గారి నిర్ణయం: జూలై 4 శనివారం వరకు రెండింటిలోనూ రాయాలి, తేడా వస్తే అప్పటిదాకా రిజిస్టరే ప్రమాణం, ఆ తర్వాత రిజిస్టరులో రాయకూడదు. రోజూ మూసే ముందు రెండింటినీ పోల్చే బాధ్యత గౌరి గారిది. ఆమెకు ఈ సాయంత్రం ఫోను చేసి చెప్పాను, ఒప్పుకున్నారు.

6. తేలని విషయం
ఆలస్య రుసుము పాత బాకీలను కొత్త పద్ధతిలోకి తేవాలా, రద్దు చేయాలా అన్నది తేలలేదు. సుజాత గారు జూన్ 17 బుధవారం లోపు రాతపూర్వకంగా తెలియజేస్తారు.

తదుపరి సమావేశం: జూన్ 19 శుక్రవారం, ఉదయం 11 గంటలు.

మీ పేరు, తేదీ సరిగా ఉన్నాయో లేదో దయచేసి చూసుకోండి. సవరణలు ఉంటే జూన్ 10 బుధవారం మధ్యాహ్నం 12 గంటలలోపు నాకు పంపండి.
అనిత