మీ జంపఖానా ఇంకా రాలేదు. తప్పు మాదే.

1
ఆగస్టు 20 లోపు పంపిస్తామని చెప్పాం. ఈరోజు సెప్టెంబర్ 2. 41 ఆర్డర్లలో 17 మాత్రమే మీ ఇళ్లకు చేరాయి. మిగతా 24 మందికి క్షమాపణలు.

2
వానల వల్ల ఆలస్యమైందని చెప్పొచ్చు. వానలు పడ్డది నిజమే. రంగు వేసిన నూలు పది రోజులు ఆరనే లేదు.

కానీ అసలు లెక్క వేరే. వరంగల్ కొత్తవాడలో మాకున్నవి మూడు మగ్గాలు. నాలుగు బై ఆరు జంపఖానా ఒక్కటి నేయడానికి మూడు రోజులు పడుతుంది. అంటే పదిహేను రోజులకు పదిహేను. మేం 41 తీసుకున్నాం. ఎండలు కాసినా మాట తప్పేవాళ్లమే. ఆర్డర్లు వస్తుంటే సంతోషంలో వద్దనలేకపోయాను.

3
వాన తెరిపిచ్చిన రోజు తొందరపడి, నూలు సరిగ్గా కడగకుండానే ఆరేశాం. దాంతో నేసిన మొదటి జంపఖానా మూలను బాపు తడిపి చూశారు. ఎరుపు పక్కనున్న తెల్ల చారలోకి దిగింది. "ఇది పంపొద్దు బిడ్డా" అన్నారు. ఆ నూలంతా పక్కన పెట్టి మళ్లీ రంగు వేయించాం.

4
అన్నిటికంటే నన్ను బాధపెట్టేది మా మౌనం. కరీంనగర్ నుంచి ఒక అక్క గృహప్రవేశం కోసం ఆర్డర్ పెట్టారు. నాలుగు మెసేజ్‌లు పంపారు. చివరిది: "ఎప్పుడో చెప్పకున్నా సరే, అసలు వస్తదో రాదో చెప్పమ్మా." ఏం చెప్పాలో తెలియక వారం రోజులు జవాబివ్వలేదు. ఆ టెన్షన్ మీకు పెట్టకూడదు. అక్కా, ఫోన్‌లో చెప్పిన మాటే ఇక్కడ అందరి ముందూ చెప్తున్నా: క్షమించండి.

5
వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ గుర్తింపు వచ్చింది. ఆ పేరు చూసే మీరు మమ్మల్ని నమ్మారు. దయచేసి ఈ ఆలస్యాన్ని నేతన్నల మీద వేయకండి. వాళ్లు రోజూ మగ్గం దిగకుండా నేశారు. ఎక్కువ ఒప్పుకున్నది నేను.

6
మా వీధిలోనే ఇంకో రెండు మగ్గాలు మాట్లాడాం, కూలి ఏమీ తగ్గించకుండా. ఐదు మగ్గాల మీద 24 జంపఖానాలు సెప్టెంబర్ 20 కల్లా కొరియర్‌కు వెళ్తాయి. ప్రతిదీ మూల తడిపి చూశాకే ప్యాక్ చేస్తాం.

ఆగలేనివాళ్లు "డబ్బులు వాపస్" అని మెసేజ్ పెట్టండి. కారణం అడగం. కొరియర్ చార్జీతో సహా రెండు రోజుల్లో మీ యూపీఐకి వేస్తాం.

ఇవన్నీ చేరేదాకా కొత్త ఆర్డర్లు తీసుకోం. ఆ తర్వాత కూడా పదిహేను రోజులకు పదికి మించి ఒప్పుకోం.

7
ప్రతి శుక్రవారం సాయంత్రం ఏ నంబర్ ఎక్కడిదాకా వచ్చిందో ఫొటోతో స్టోరీలో పెడతాం. మీ నంబర్ ఆర్డర్ మెసేజ్‌లో ఉంది.

ఈరోజు మగ్గాల మీద ఉన్నవి: 18, 19, 20, 21, 22.