డాక్టర్ మాధవి, కిడ్నీ వైద్య నిపుణురాలు

డాక్టర్ మాధవి మా ఆసుపత్రిలో పెద్దవాళ్ల కిడ్నీ జబ్బులు చూస్తారు. షుగరు, బీపీల వల్ల కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు, మూత్రంలో ప్రొటీన్ పోతున్నవాళ్లు, కాళ్లూ ముఖమూ ఎందుకు వాస్తున్నాయో తెలియక తిరుగుతున్నవాళ్లు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు, కిడ్నీ మార్పిడి అయినవాళ్లు, చేయించుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లు ఆవిడ దగ్గరికి వస్తుంటారు. కిడ్నీలో రాళ్లకు ఆపరేషన్ చేసేది యూరాలజిస్టు, ఆవిడ కాదు. అయితే రాళ్లు మళ్లీ మళ్లీ ఎందుకొస్తున్నాయో కనిపెట్టి, రాకుండా చూసే పని ఆవిడదే. ఎవరికి చూపించుకోవాలో తేలకపోతే ముందు ఆవిడ దగ్గరికే రండి. యూరాలజీ గది పక్కదే, అవసరమైతే ఆవిడే పంపిస్తారు.

పెరంబూరులోని మా ఓపీలో మధ్యాహ్నం కాసేపు కూర్చుంటే నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట యాసలు వినిపిస్తాయి. తరతరాలుగా ఉత్తర చెన్నైలో స్థిరపడినవాళ్ల తెలుగు వేరు, అదీ వినిపిస్తుంది. డాక్టరమ్మ అందరితోనూ తెలుగులోనే మాట్లాడతారు. తమిళం కూడా అంతే ధారాళంగా వచ్చు. చదువుకునే రోజుల్లో డయాలసిస్ వార్డు నర్సులే నేర్పారని చెబుతుంటారు. ఇంగ్లీషు సరే, హిందీ మాత్రం పని జరిగేంత.

ఆ అంకె సంగతి

కొత్తగా వచ్చేవాళ్లలో చాలామంది కుర్చీలో కూర్చుంటూనే చెప్పే మాట ఒకటే: "క్రియాటినిన్ పెరిగిందంటమ్మా." రిపోర్టులో ఆ అంకె పక్కన ముద్దక్షరాల్లో గుర్తు ఉంటుంది. దాన్ని చూసి రెండు మూడు రాత్రులు నిద్ర లేకుండా గడిపి వచ్చినవాళ్లే ఎక్కువ.

డాక్టర్ మాధవి ముందు ఆ అంకె గురించే చెబుతారు. క్రియాటినిన్ అంటే మన కండరాల నుంచి రోజూ వచ్చే వ్యర్థం. కిడ్నీలు దాన్ని మూత్రంలోకి తోసేస్తాయి. అవి సరిగ్గా తోయలేకపోతే రక్తంలో పేరుకుంటుంది. అదే 1.4 అన్న అంకె బాగా కండ పట్టిన ముప్ఫై ఏళ్ల కుర్రాడిలో కనిపిస్తే ఒక మాట, బక్కచిక్కిన డెబ్భై ఏళ్ల పెద్దావిడలో కనిపిస్తే మరో మాట. వాంతులూ విరేచనాలూ అయి ఒంట్లో నీరు తగ్గినా అది పెరుగుతుంది, తేరుకున్నాక తగ్గుతుంది. అందుకే ఒక్క రిపోర్టు చూసి ఆవిడ తీర్పు చెప్పరు. మీ దగ్గర ఉన్న పాత రిపోర్టులన్నీ అడుగుతారు. తెల్లకాగితం మీద తేదీ, పక్కన అంకె, దాని కింద మరో తేదీ, మరో అంకె రాసుకుంటూ పోతారు. నాలుగేళ్ల అంకెలు ఒకే కాగితం మీద కనిపించాక, జబ్బు పరిగెడుతోందా, నిలకడగా ఉందా అన్నది మీకే అర్థమవుతుంది. ఆ కాగితం మీరే తీసుకెళ్లవచ్చు.

ఇంకో మాట కూడా ఆవిడ అందరికీ చెబుతారు. కిడ్నీ జబ్బు మొదట్లో నొప్పి ఉండదు, వాపు ఉండదు, మూత్రం మామూలుగానే వస్తుంది. షుగరో బీపీయో ఉన్నవాళ్లు ఏ ఇబ్బందీ లేకపోయినా ఏడాదికోసారి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించుకోవాల్సిందే. పెద్ద ఖర్చు లేని పరీక్షలివి.

మందుల సంచి

మొదటిసారి వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసుకుని రండి. చీటీలు కాదు, మందులే. ఆవిడ సంచిని బల్ల మీద బోర్లిస్తారు. షుగరు మాత్రలు, బీపీ మాత్రలు, గ్యాస్ మాత్రలు, వాటి మధ్యలో సగం వాడిన నొప్పి మాత్రల అట్ట ఒకటి. ఎక్కువసార్లు ఆవిడ వేలు ఆగేది దాని మీదే.

మోకాళ్ల నొప్పికో నడుము నొప్పికో మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి నెలల తరబడి వాడితే కిడ్నీలు దెబ్బతింటాయి. ముందే కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లకు కొద్ది రోజుల వాడకం కూడా చేటు చేయవచ్చు. "మీకు నొప్పి ఉందన్నది అబద్ధం కాదు, పెద్దాయనా. దానికి వేరే దారి చూద్దాం" అంటారు ఆవిడ. నాటు మందులు, భస్మాలు వాడుతుంటే అదీ చెప్పండి. ఆవిడ కోప్పడరు. కోప్పడతారేమోనని దాచిన మందు వల్లే జబ్బుకు కారణం దొరకడం ఆలస్యమవుతుందని ఆవిడ అనుభవం.

అన్నంలోకి ఏం తినాలి

కిడ్నీ జబ్బు అనగానే ఎవరో ఒక పథ్యం కాగితం చేతిలో పెడతారు. అందులో మనింట్లో వండేది ఒక్కటీ ఉండదు. డాక్టర్ మాధవి మా డైటీషియన్‌తో కలిసి కూర్చుని, మీ ఇంట్లో నిన్న ఏం వండారో అడిగి అక్కడి నుంచి మొదలుపెడతారు.

ఆవకాయ పూర్తిగా మానేయమంటే ఎవరూ మానరని నెల్లూరు ఇంట్లో పుట్టిన మనిషికి వేరే చెప్పక్కర్లేదు. రోజంతటికీ కలిపి ఒక చెంచాకు మించి ఉప్పు ఒంట్లోకి పోకూడదన్నది లెక్క. పచ్చడి, అప్పడం, ఊరమిరపకాయ, ఎండు చేప, అన్నీ ఆ చెంచాలోకే వస్తాయి. ఏది ఉంచుకుంటారో, ఏది వదులుకుంటారో మీరే తేల్చుకోండి అంటారు. చాలామంది అప్పడం వదిలేసి ఆవకాయ బద్ద ఉంచుకుంటారట. ఆ ఎంపికతో మాకూ పేచీ లేదు.

ఒంటికి మంచిదని "తక్కువ సోడియం ఉప్పు" కొంటున్నవాళ్లు మాత్రం ఆవిడతో మాట్లాడాకే వాడండి. అందులో సోడియం బదులు పొటాషియం కలుపుతారు. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లలో పొటాషియం పేరుకుంటే గుండె లయ తప్పవచ్చు. కొబ్బరినీళ్లు, అరటిపండ్ల సంగతీ అంతే. అందరికీ నిషేధం కాదు, మీ రక్తపరీక్షను బట్టి చెబుతారు. ప్రొటీన్ విషయంలోనూ అందరికీ ఒకే మాట లేదు. డయాలసిస్‌కు ముందు దశలో మితంగా తినమంటారు. డయాలసిస్ మొదలయ్యాక గుడ్డు తెల్లసొన, చేపలాంటివి ఇంకాస్త తినమంటారు. పక్కింటి పేషెంటు పథ్యం మీరు చేయవద్దని ఆవిడ గట్టిగా చెప్పేది అందుకే.

డయాలసిస్, మార్పిడి

డయాలసిస్ మాట ఎత్తడానికి ఆవిడ ఆఖరి నిమిషం దాకా ఆగరు. అవసరం పడే సూచనలుంటే నెలల ముందే మీతోనూ మీ ఇంట్లోవాళ్లతోనూ మాట్లాడతారు. దానికో కారణం ఉంది. రక్తం యంత్రంలోకి వెళ్లి శుభ్రపడి తిరిగి రావడానికి చేతిలోని నరాన్ని చిన్న ఆపరేషన్‌తో సిద్ధం చేయాలి. దాన్ని ఫిస్టులా అంటారు. అది బలపడటానికి వారాలు పడుతుంది. ముందే చేయించుకుంటే మెడలో గొట్టం పెట్టాల్సిన అవస్థ చాలామందికి తప్పుతుంది. ఫిస్టులా ఉన్న చేతికి బీపీ చూడనివ్వొద్దని, సూది వేయనివ్వొద్దని, రోజూ ఉదయం వేళ్లు ఆనించి లోపల జుమ్మనే అదురు తెలుస్తోందో లేదో చూసుకోమని ఆవిడే చేయి పట్టి చూపిస్తారు. ఆ అదురు ఆగిపోతే అదే రోజు మాకు ఫోన్ చేయాలి.

మామూలుగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు పడుతుంది. "ఒకసారి మొదలైతే ఇక జీవితాంతమేనా?" అని అందరూ అడుగుతారు. కిడ్నీలు ఏళ్ల తరబడి క్షీణించినవాళ్లకు మార్పిడి జరిగేదాకా సాధారణంగా కొనసాగించాల్సిందే. జ్వరం, పాముకాటు, తీవ్రమైన విరేచనాల్లాంటి వాటితో ఉన్నట్టుండి దెబ్బతిన్నవాళ్లలో చాలామందికి కిడ్నీలు కోలుకుంటాయి, డయాలసిస్ ఆపేస్తారు. మీరు ఏ కోవకు వస్తారో ఆవిడ దాచకుండా చెబుతారు.

మార్పిడి ఆపరేషన్ సర్జన్లు చేస్తారు. దానికి ముందు పరీక్షలు, తరవాత జీవితాంతం వేసుకోవాల్సిన మందులు చూసుకునేది డాక్టర్ మాధవి. కొత్త కిడ్నీని పొత్తికడుపులో ఒక పక్కన అమరుస్తారు, పాతవాటిని సాధారణంగా తీయరు. ఇది విని ఆశ్చర్యపోనివాళ్లు తక్కువ. తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, భార్యాభర్తలు, తాతాబామ్మలు, మనవలు చట్టం ప్రకారం దగ్గరి బంధువుల కిందికి వస్తారు. దాత దొరకనివాళ్ల పేర్లు తమిళనాడు ప్రభుత్వ అవయవ మార్పిడి సంస్థ ట్రాన్‌స్టాన్ జాబితాలో ఆసుపత్రి ద్వారా నమోదు చేయవచ్చు. కిడ్నీ కొనడం, అమ్మడం నేరం. ఆ ప్రస్తావన తెచ్చిన చోట ఆవిడ సంభాషణ ముగించేస్తారు.

చదువు, ఇల్లు

పుట్టింది నెల్లూరులో. తిరుపతి ఎస్వీ మెడికల్ కాలేజీలో 2004లో ఎంబీబీఎస్, కర్నూలు మెడికల్ కాలేజీలో జనరల్ మెడిసిన్‌లో ఎండీ, మద్రాస్ మెడికల్ కాలేజీలో 2011లో కిడ్నీ వైద్యంలో డీఎం. అప్పటి నుంచి చెన్నైలోనే ఉన్నారు. కిడ్నీ వైద్యమే ఎందుకంటే ఆవిడ చెప్పే జవాబు: "మిగతా వార్డుల్లో జబ్బు తగ్గితే మనిషి వెళ్లిపోతాడు. డయాలసిస్ వార్డులో వాళ్లే మళ్లీ వస్తారు. వాళ్ల పిల్లల పరీక్షలు, పెళ్లిళ్లు అన్నీ తెలుస్తాయి. నాకు అది నచ్చింది."

భర్త స్కూల్లో లెక్కల టీచరు, ఒక కూతురు. ఆదివారం ఓపీ లేదు. ఆ రోజు ఇంట్లో చేపల పులుసు వండేది తానేనని చెబుతారు, ఉప్పు గురించి అడిగితే మాత్రం నవ్వేస్తారు.

కలవాలంటే

సోమవారం నుంచి శనివారం దాకా ఉదయం 10 నుంచి 1 వరకు, మధ్యాహ్నం 2 నుంచి 4 వరకు ఓపీ ఉంటుంది. పినాకినిలో వచ్చేవాళ్లు, మాధవరం బస్టాండులో దిగేవాళ్లు మధ్యాహ్నం టోకెన్ అడగండి, ఊరి నుంచి వస్తున్నామని చెబితే చాలు. పరగడుపున రానక్కర్లేదు. షుగరు ఉన్నవాళ్లు తినే రండి. పాత రిపోర్టులు, మందుల సంచి, ఆరోగ్య బీమా లేదా ప్రభుత్వ ఆరోగ్య కార్డు తెచ్చుకోండి. ఆ కార్డు ఇక్కడ ఏ చికిత్సకు చెల్లుతుందో కింది అంతస్తు కౌంటర్లో ముందే తేల్చి చెబుతారు. ఇంట్లో మీ మందులు చూసుకునే మనిషి ఎవరైనా ఉంటే వాళ్లనూ తీసుకురండి. మొదటిసారి అరగంట దాకా పట్టవచ్చు, తిరుగు బండి దానికి తగ్గట్టు చూసుకోండి.

ఆయాసంతో పడుకోలేకపోతున్నా, మూత్రం బాగా తగ్గిపోయినా, డయాలసిస్ తప్పిపోయి ఒళ్లు బరువెక్కినా, మగతగా ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు. రాత్రయినా పగలయినా నేరుగా ఎమర్జెన్సీకి రండి. ఆవిడకు కబురు మేం పంపుతాం.