పదవ తరగతి సాంఘిక శాస్త్రం అభ్యాస పరీక్ష: ఫొటోలోని ఇంగ్లిష్ ప్రశ్నపత్రానికి తెలుగు అనువాదం

సాంఘిక శాస్త్రం ఉపాధ్యాయురాలు గారికి నమస్కారం.

మీరు నిన్న సాయంత్రం పంపిన రెండు ఫొటోల్లోని ఇంగ్లిష్ ప్రశ్నపత్రాన్ని మన తెలుగు మాధ్యమం సెక్షన్‌లోని 34 మంది పిల్లల కోసం తెలుగులోకి మార్చాను. రెండు మాధ్యమాల పిల్లలూ ఒకే గదిలో, ఒకే గంటకు పరీక్ష రాస్తారు. పర్యవేక్షకులు "పదకొండో ప్రశ్న చూడండి" అన్నప్పుడు అందరి కళ్లూ ఒకే ప్రశ్న మీద పడాలి కాబట్టి వరుస, అంకెలు, మార్కులు, సూచనలు మూలంలో ఎలా ఉన్నాయో అలాగే ఉంచాను. మూలంలో తప్పుగా కనిపించినవాటిని పత్రం లోపల ముట్టుకోలేదు. వాటి గురించి చివర విడిగా రాశాను. పిల్లలకిచ్చే ప్రతుల్లో ఈ పేరా, చివరి వివరణ ఉండకూడదు.

---

అభ్యాస పరీక్ష
సాంఘిక శాస్త్రం

తరగతి: 10
సమయం: 2 గంటల 30 నిమిషాలు
గరిష్ఠ మార్కులు: 50

సాధారణ సూచనలు

1. మొదటి 15 నిమిషాలు ప్రశ్నపత్రాన్ని చదువుకోవడానికి మాత్రమే. ఈ సమయంలో జవాబులు రాయరాదు.
2. భాగం ఎ, భాగం బి, భాగం సి ప్రశ్నలకు జవాబులను జవాబుపత్రంలో రాయండి. భాగం డి ప్రశ్నలకు జవాబులను ఈ ప్రశ్నపత్రంలోనే గుర్తించి, చివరి అరగంటలో పర్యవేక్షకులకు అప్పగించండి.
3. ప్రతి భాగం మొదట ఇచ్చిన సూచనను చదివిన తర్వాతే జవాబులు మొదలుపెట్టండి.
4. అంతర్గత ఎంపిక భాగం సిలో మాత్రమే ఉంది.
5. ఈ పత్రంలో ముద్రించిన ప్రశ్న సంఖ్యనే జవాబు పక్కన మార్జిన్‌లో రాయండి.
6. ఈ పత్రంలో మొత్తం 20 ప్రశ్నలు ఉన్నాయి.

భాగం – ఎ  5 × 2 = 10

సూచన: అన్ని ప్రశ్నలకూ జవాబులు రాయండి. ప్రతి జవాబు మూడు లేదా నాలుగు వాక్యాలకు మించరాదు.

1. రుతుపవనాలు అంటే ఏమిటి? మన దేశ వ్యవసాయంలో నైరుతి రుతుపవనాల ప్రాముఖ్యాన్ని ఒక వాక్యంలో తెలపండి. (2)

2. తలసరి ఆదాయాన్ని ఎలా లెక్కిస్తారు? దేశాల అభివృద్ధిని పోల్చడానికి అదొక్కటే సరిపోదు అనడానికి ఒక కారణం రాయండి. (2)

3. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగ ప్రవేశికలో చేర్చిన పదాలలో ఏవైనా రెండింటిని పేర్కొనండి. (2)

4. పశ్చిమ కనుమలతో పోలిస్తే తూర్పు కనుమలు తెగిపోయిన కొండల వరుసలుగా ఎందుకు కనిపిస్తాయి? (2)

5. గ్రామసభకు, గ్రామ పంచాయతీకి మధ్య గల రెండు భేదాలను రాయండి. (2)

భాగం – బి  4 × 4 = 16

సూచన: కింది వాటిలో ఏవైనా నాలుగు ప్రశ్నలకు జవాబులు రాయండి.

6. కింది పేరాను చదివి, దాని కింద ఇచ్చిన ప్రశ్నలకు జవాబులు రాయండి. (4)

"సమాచార హక్కు చట్టం 2005లో అమలులోకి వచ్చింది. ప్రభుత్వ కార్యాలయాల్లో ఉన్న సమాచారాన్ని, అది ఎందుకు కావాలో కారణం చెప్పనవసరం లేకుండానే, పౌరులెవరైనా రాతపూర్వకంగా అడగవచ్చు. దరఖాస్తు అందిన 30 రోజుల లోపు పౌర సమాచార అధికారి సాధారణంగా జవాబు ఇవ్వాలి. అడిగిన సమాచారం ఒక వ్యక్తి ప్రాణానికి లేదా స్వేచ్ఛకు సంబంధించినదైతే, ఆ జవాబు 48 గంటల లోపు ఇవ్వాలి."

(i) సమాచారం అడిగే పౌరుడు కారణం చెప్పనవసరం లేకపోవడం వల్ల కలిగే ప్రయోజనం ఏమిటి?
(ii) 48 గంటల గడువు ఎలాంటి సందర్భాలకు వర్తిస్తుంది? మీ సొంత మాటల్లో ఒక ఉదాహరణ ఇవ్వండి.

7. కింది పట్టికను పరిశీలించి జవాబులు రాయండి. (4)

| నది | జన్మస్థానం ఉన్న రాష్ట్రం | పొడవు (కి.మీ.) |
|---|---|---|
| గోదావరి | మహారాష్ట్ర | 1465 |
| కృష్ణా | మహారాష్ట్ర | 1400 |
| మహానది | ఛత్తీస్‌గఢ్ | 851 |
| కావేరి | కర్ణాటక | 800 |
| పెన్నా | కర్ణాటక | 597 |

(i) పట్టికలోని నదులన్నీ ఏ సముద్ర భాగంలో కలుస్తాయి? దానికి కారణమైన భూమి వాలు ఎటువైపు ఉంది?
(ii) ఒకే రాష్ట్రంలో పుట్టిన రెండు నదుల జతలను గుర్తించి రాయండి.
(iii) ఒక నదీజలాలను రెండు మూడు రాష్ట్రాలు పంచుకోవలసి వచ్చినప్పుడు తలెత్తే ఒక సమస్యను తెలపండి.

8. కింది సంఘటనలను కాలక్రమంలో అమర్చి, వాటిలో ఏదైనా ఒకదాని నేపథ్యాన్ని వివరించండి: తెలంగాణ రాష్ట్రం ఏర్పడటం, పొట్టి శ్రీరాములు మరణం, ఆంధ్రప్రదేశ్ అవతరణ, కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడటం. (4)

9. ఒకే ఊరిలో పక్కపక్కనే బోరుబావులు తవ్వుకుంటూ పోతే భూగర్భ జలాలపై, చిన్న రైతులపై పడే ప్రభావాన్ని వివరించండి. (4)

9. మీ ఊరి చెరువు కట్ట తెగే ప్రమాదం ఉందని తెలియజేస్తూ, మరమ్మతు చేయించవలసిందిగా కోరుతూ మీ మండల తహసీల్దారుకు లేఖ రాయండి. (4)

10. స్థానిక సంస్థలలో మహిళలకు కనీసం మూడింట ఒక వంతు స్థానాలు కేటాయించిన 73వ రాజ్యాంగ సవరణను మీరు ఎలా ప్రశంసిస్తారు? (4)

భాగం – సి  2 × 8 = 16

సూచన: ప్రతి ప్రశ్నలో (ఎ) లేదా (బి)లలో ఒకదానికి మాత్రమే జవాబు రాయండి.

11. (ఎ) 1914లో మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభమవడానికి దారితీసిన తక్షణ కారణాన్ని, దీర్ఘకాలిక కారణాలను విడివిడిగా చర్చించండి. (8)

లేదా

(బి) నిజాం పాలనలోని హైదరాబాద్ సంస్థానంలో రైతులు ఎదుర్కొన్న వెట్టి, భూస్వామ్య సమస్యలను వివరిస్తూ, అవి సాయుధ పోరాటానికి ఎలా దారితీశాయో రాయండి. (8)

12. (ఎ) "వ్యవసాయ పనులు లేని నెలల్లో గ్రామాల నుంచి నగరాలకు వెళ్లే కూలీలు అక్కడ ఇటుక బట్టీల్లో, నిర్మాణ స్థలాల్లో పని వెతుక్కుంటారు. పిల్లలు వెంట వెళితే చదువు ఆగిపోతుంది. ఊళ్లోనే ఉండిపోతే చూసుకునేవారు ఉండరు." ఈ పేరాపై వ్యాఖ్యానించండి. (8)

లేదా

(బి) మీకు ఇచ్చిన భారతదేశ రేఖా పటంలో కింది వాటిని గుర్తించి, పేర్లు రాయండి: గోదావరి నది, థార్ ఎడారి, చిల్కా సరస్సు, నీలగిరి కొండలు, విశాఖపట్నం ఓడరేవు, కర్కట రేఖ, లక్షదీవులు, ఢిల్లీ. (8)

భాగం – డి  8 × 1 = 8

సూచన: సరైన జవాబును సూచించే అక్షరాన్ని కుండలీకరణాల్లో రాయండి. కొట్టివేతలు, దిద్దివేతలు ఉన్న జవాబులకు మార్కులు ఇవ్వరు.

13. భారత రాజ్యాంగ ముసాయిదా కమిటీ అధ్యక్షుడు ఎవరు? (  )
(ఎ) రాజేంద్రప్రసాద్  (బి) బి.ఆర్. అంబేద్కర్  (సి) జవహర్‌లాల్ నెహ్రూ  (డి) వల్లభ్‌భాయి పటేల్

14. 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని ఏది? (  )
(ఎ) గుంటూరు  (బి) విజయవాడ  (సి) కర్నూలు  (డి) హైదరాబాద్

15. భారత ప్రామాణిక కాలాన్ని నిర్ణయించే రేఖాంశం ఏది? (  )
(ఎ) 68°7' తూర్పు  (బి) 82°30' తూర్పు  (సి) 90° తూర్పు  (డి) 97°25' తూర్పు

16. హైదరాబాద్ సంస్థానంపై భారత సైన్యం చేపట్టిన చర్య ఏ సంవత్సరంలో జరిగింది? (  )
(ఎ) 1946  (బి) 1947  (సి) 1948  (డి) 1950

17. కింది వాటిలో నల్లరేగడి నేలల లక్షణం **కానిది** ఏది? (  )
(ఎ) తేమను ఎక్కువ కాలం నిలుపుకొంటాయి  (బి) ఎండాకాలంలో పగుళ్లు తీస్తాయి  (సి) పత్తి సాగుకు అనువైనవి  (డి) ప్రధానంగా నదుల ఒండ్రువల్ల ఏర్పడతాయి

18. మన దేశంలో ఒక రూపాయి నోటును ఎవరు జారీ చేస్తారు? (  )
(ఎ) భారత ప్రభుత్వం  (బి) రిజర్వు బ్యాంకు  (సి) స్టేట్ బ్యాంకు  (డి) రాష్ట్ర ప్రభుత్వాలు

19. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో శాశ్వత సభ్య దేశాలు ఎన్ని? (  )
(ఎ) 4  (బి) 5  (సి) 10  (డి) 15

20. లోక్‌సభకు పోటీ చేయడానికి ఉండవలసిన కనీస వయసు ఎంత? (  )
(ఎ) 18 ఏళ్లు  (బి) 21 ఏళ్లు  (సి) 25 ఏళ్లు  (డి) 30 ఏళ్లు

---

ఉపాధ్యాయురాలికి మాత్రమే: అనువాదకుని వివరణ

ముందుగా 9వ ప్రశ్న సంగతి. మూలంలో 9 అనే సంఖ్య రెండుసార్లు పడింది. అందువల్ల నిజానికి పత్రంలో 21 ప్రశ్నలు ఉన్నాయి, కానీ ఆరో సూచన 20 అంటోంది. తెలుగు ప్రతిలో రెండోదాన్ని 10గా మారిస్తే తర్వాతి సంఖ్యలన్నీ ఒక్కొక్కటి జరిగిపోయి, మీరు పంపిన జవాబుల కీ, ఇంగ్లిష్ మాధ్యమం పిల్లల మార్కుల రిజిస్టరు తెలుగు పిల్లల పత్రాలతో కలవవు. మొదటిది భూగర్భ జలాలది, రెండోది లేఖ. రెండింటిలో ఒకటి మాత్రమే రాసినవారు ఏది రాశారో జవాబు చూస్తే తెలిసిపోతుంది గనక దిద్దేవారికి పెద్ద ఇబ్బంది ఉండదు. సరిచేయాలని మీరు అనుకుంటే రెండు భాషల పత్రాల్లోనూ ఒకేసారి చేయించండి.

రెండో ఫొటోలో కుడివైపు కింద ఎవరిదో బొటనవేలు పడింది. 12 (బి) పక్కనున్న మార్కు దాని కింద ఉండిపోయింది. భాగం సి శీర్షికలో 2 × 8 = 16 అని స్పష్టంగా ఉంది, 12 (ఎ) పక్కన 8 కనిపిస్తోంది, గుర్తించవలసిన అంశాలూ ఎనిమిదే. అందుకే అక్కడ 8 వేశాను. అయినా అసలు కాగితం మీ దగ్గర ఉంటే ఒక్కసారి చూడండి.

ఏడో ప్రశ్నలో గోదావరి పొడవు 1456 అని అచ్చు పడి, దానిపై ఎర్ర సిరాతో 1465 అని దిద్ది ఉంది. 1465 సరైనదే కాబట్టి దాన్నే తీసుకున్నాను. ఇంగ్లిష్ ప్రతుల్లోనూ ఆ దిద్దుబాటు ఉందో లేదో పరీక్షకు ముందే చూసుకోవాలి.

భాగం డిలో ఎంపికలకు అ, ఆ, ఇ, ఈ వాడితే చూడటానికి తెలుగుగా ఉండేది. అయితే జవాబుల కీలో ఇంగ్లిష్ అక్షరాలే ఉన్నందున, వాటిని పలికినట్టే ఎ, బి, సి, డి అని ఉంచాను. పదిహేడో ప్రశ్నలో వ్యతిరేకార్థాన్ని మూలంలో పెద్ద అక్షరాలతో అచ్చు వేశారు. తెలుగులో పెద్ద అక్షరాలు లేవు కనుక "కానిది" అనే మాటను ముద్దక్షరాల్లో పెట్టాను. జిరాక్స్‌లో అది పలచబడితే కింద గీత గీయండి. ఆ ఒక్క మాట కనబడకపోతే పిల్లలు (ఎ)నే సరైన జవాబు అనుకుంటారు.

పదో ప్రశ్నలోని ఇంగ్లిష్ క్రియకు మన ప్రశ్నపత్రాల్లో అలవాటైన "ప్రశంసించు" అనే మాటే వాడాను. మాటకు మాట పెట్టి "అభినందించండి" అంటే, సవరణకు శుభాకాంక్షలు చెప్పమంటున్నారా అని పిల్లలు తికమకపడతారు. ఎనిమిదో ప్రశ్నలో నాలుగు సంఘటనల వరుసను మార్చలేదు. అవి మూలంలోనే కావాలని కలగాపులగంగా ఉన్నాయి.

12 (బి)కి జతచేయవలసిన రేఖా పటం ఫొటోల్లో లేదు. 34 ప్రతులకూ ఒక్కో పటం విడిగా తీయించి, లోపలి పేజీకి పిన్ను పెట్టించగలరు.