ఫార్మసీ స్టాకు, గడువు పట్టిక: 2025 నవంబర్ 3 నాటికి

సూపరింటెండెంట్ మేడం గారికి, క్యాజువాలిటీ, లేబర్ రూమ్ సిస్టర్లకు, నైట్ డ్యూటీ ఫార్మసిస్టుకు

మెయిన్ స్టోర్ రిజిస్టరు, క్యాజువాలిటీ ట్రే చీటీలు, లేబర్ రూమ్ ఫ్రిజ్ పుస్తకం ఇంతకాలం వేటికవే ఉన్నాయి. మూడింటినీ ఒకే పట్టికలోకి తెచ్చి, గడువు ముందుగా అయిపోయేది పైన వచ్చేలా వరస పెట్టాను. పట్టిక చూసే ముందు, దయచేసి ఈ ఒక్క పని ఇవాళే చేయండి. క్యాజువాలిటీ ట్రేలో ఉన్న అట్రోపిన్‌కు గడువు దాటిపోయింది. పురుగుమందు తాగినవాళ్లు వస్తే మొదట చెయ్యి వెళ్లేది దానికే. ఆ 14 ఆంప్యూల్స్ తీసి నాకు పంపండి, స్టోర్‌లో ఉన్న కొత్త బ్యాచ్ నుంచి 20 ఇస్తాను.

చేతిరాతలో ఉన్నవి కొన్ని, ఉన్నది ఉన్నట్టు:

సెఫ్ట్రి 1 గ్రా – 46 – 12/25
మెట్‌ఫా 500 – 23 డబ్బాలు – 05/24
ఓఆర్ఎస్ – 640 – 3/26 (8/26?)
ఆక్సీ 5 – ఫ్రిజ్ – 2 పెట్టెలు + 7
జెంటా 80 – 3 పెట్టెలు – 2/2

మెట్‌ఫార్మిన్ లైను చూస్తే గడువు దాటి ఏడాదిన్నర అయినట్టుంది. స్ట్రిప్పు తిప్పి చూస్తే 05/24 తయారైన నెల, అసలు గడువు 04/26. ఈ ఒక్క పొరపాటుతో 2,300 మంచి మాత్రలు చెత్తలోకి పోయేవి. ఓఆర్ఎస్ దగ్గర 3కీ 8కీ తేడా తెలియలేదు కాబట్టి కార్టన్ మీద చూశాను, 3/26 సరైనది. ఆక్సిటోసిన్ పెట్టెలో ఎన్ని ఆంప్యూల్స్ ఉంటాయన్నది కంపెనీని బట్టి మారుతుంది, అందుకే ఫ్రిజ్ తెరిచి లెక్కపెట్టాను. మొత్తం 27. పుస్తకంలో దానికి గడువే రాయలేదు, ఆంప్యూల్ మీద చూసి వేశాను. జెంటామైసిన్ లైనులో సంవత్సరం చెమ్మకు చెరిగింది, ఆ పెట్టెలు ర్యాకులో కనబడలేదు. ఊహించి రాయడం ఇష్టం లేక దాన్ని పట్టికలో వేయలేదు. ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టెతో సహా తెచ్చి చూపించండి.

లేబుల్ మీద నెల, సంవత్సరం మాత్రమే ఉంటే ఆ నెల ఆఖరి రోజు వరకు వాడవచ్చు. పట్టికలో తేదీలన్నీ ఆ లెక్కనే ఉన్నాయి. 90 రోజుల లోపు అయితే ఎరుపు, 180 లోపు పసుపు, ఆపైన పచ్చ.

| మందు | బ్యాచ్ చివరి అంకెలు | చోటు | ఉన్నది | గడువు | మిగిలిన రోజులు | గుర్తు |
|---|---|---|---|---|---|---|
| అమాక్సిసిలిన్ డ్రై సిరప్ | 0938 | మెయిన్ స్టోర్ | 22 సీసాలు | 30-09-2025 | దాటి 34 | వాడకూడదు |
| అట్రోపిన్ ఇంజెక్షన్ | 2071 | క్యాజువాలిటీ ట్రే | 14 ఆంప్యూల్స్ | 31-10-2025 | దాటి 3 | వాడకూడదు |
| ఆక్సిటోసిన్ 5 యూనిట్లు | 6612 | లేబర్ రూమ్ ఫ్రిజ్ | 27 ఆంప్యూల్స్ | 30-11-2025 | 27 | ఎరుపు |
| సెఫ్ట్రియాక్సోన్ 1 గ్రా. | 4417 | మెయిన్ స్టోర్ | 46 వయల్స్ | 31-12-2025 | 58 | ఎరుపు |
| మెట్రోనిడజోల్ ఐవీ 100 మి.లీ. | 1150 | మెయిన్ స్టోర్ | 38 సీసాలు | 31-01-2026 | 89 | ఎరుపు |
| రెగ్యులర్ ఇన్సులిన్ 10 మి.లీ. | 7304 | స్టోర్ ఫ్రిజ్ | 19 వయల్స్ | 28-02-2026 | 117 | పసుపు |
| ఓఆర్ఎస్ | 3386 | మెయిన్ స్టోర్ | 640 ప్యాకెట్లు | 31-03-2026 | 148 | పసుపు |
| మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా. | 9042 | మెయిన్ స్టోర్ | 2,300 మాత్రలు | 30-04-2026 | 178 | పసుపు |
| అట్రోపిన్ ఇంజెక్షన్ | 2655 | మెయిన్ స్టోర్ | 60 ఆంప్యూల్స్ | 31-08-2026 | 301 | పచ్చ |
| సెఫ్ట్రియాక్సోన్ 1 గ్రా. | 5820 | మెయిన్ స్టోర్ | 200 వయల్స్ | 31-10-2026 | 362 | పచ్చ |
| పాము విషం విరుగుడు | 0471 | క్యాజువాలిటీ | 18 వయల్స్ | 30-11-2026 | 392 | పచ్చ, స్టాకు తక్కువ |
| పారాసెటమాల్ 500 మి.గ్రా. | 8213 | మెయిన్ స్టోర్ | 4,100 మాత్రలు | 28-02-2027 | 482 | పచ్చ |

రంగు ఒక్కటే చూసి కంగారు పడవద్దు, నెలకు ఎంత ఖర్చవుతోందో కూడా కలిపి చూడాలి. సెఫ్ట్రియాక్సోన్ ఎరుపులో ఉన్నా రోజుకు 6 దాకా వెళుతోంది, 4417 బ్యాచ్ ఎనిమిది రోజుల్లో అయిపోతుంది. అది అయ్యేదాకా 5820 పెట్టె తెరవవద్దు. ముందు వరసలో చేతికి అందేది ఎప్పుడూ దగ్గరి గడువు బ్యాచే కావాలి. మెట్రోనిడజోల్ వారానికి 4 సీసాలు పోతోంది, దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

అసలు ఆలోచించాల్సింది ఆక్సిటోసిన్ గురించి. కాన్పు తర్వాత రక్తస్రావం ఆపడానికి ఒక్కో తల్లికి 10 యూనిట్లు, అంటే రెండు ఆంప్యూల్స్ ఇస్తున్నాం. గత నెల 9 కాన్పులు జరిగాయి, 18 ఆంప్యూల్స్ ఖర్చయ్యాయి. ఈ నెలా అంతే అయితే 9 మిగిలిపోతాయి. కాన్పులు ఎక్కువ జరిగే జిల్లా ఆసుపత్రికి ఒక 6 ఆంప్యూల్స్ ఈ వారంలోనే పంపిద్దామని నా ప్రతిపాదన, మేడం గారు సరేనంటే ఐస్ ప్యాకులున్న కోల్డ్ బాక్సులో పంపుతాను. అదే రోజు కొత్త బ్యాచ్‌కి ఇండెంట్ కూడా వెళ్లాలి, డిసెంబర్ 1 ఉదయం లేబర్ రూమ్ ఫ్రిజ్ ఖాళీగా ఉండకూడదు. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచండి సిస్టర్, ఐస్ గడ్డకట్టే గోడకు ఆనించి పెట్టవద్దు. కరెంటు పోయినప్పుడు ఎంతసేపు పోయిందో పుస్తకంలో రాయండి. తేదీ ఎంత దూరంగా ఉన్నా వేడి తగిలితే ఆ మందు పనిచేయదు.

ఇన్సులిన్‌కు ఇంకో లెక్క ఉంది. వార్డులో వయల్ తెరిచాక 28 రోజులే వాడాలి, లేబుల్ మీద ఫిబ్రవరి ఉన్నా సరే. తెరిచిన తేదీ వయల్ మీద పెన్నుతో వేయండి. తేదీ లేని తెరిచిన వయల్ కనబడితే తిరిగి తీసుకుంటాను. ఇప్పుడు నెలకు 3 వయల్స్ వెళుతున్నాయి, ఫిబ్రవరి ఆఖరుకు 7 దాకా మిగులుతాయి. డిసెంబర్ ఇండెంట్‌లో ఇన్సులిన్ అడగను.

మెట్‌ఫార్మిన్ నెలకు 1,200 దాకా వెళుతోంది కాబట్టి జనవరికే అయిపోవాలి. ఒకవేళ మిగిలితే నెలకు సరిపడా మందు మార్చి 31 తర్వాత ఈ బ్యాచ్ నుంచి ఇవ్వకండి. మన కౌంటర్ దగ్గర గడువు ఉన్నా ఆ పెద్దాయన ఇంట్లో ఆఖరి మాత్ర వేసుకునేనాటికి దాటిపోతుంది.

ఓఆర్ఎస్ చలికాలంలో నెలకు 70 ప్యాకెట్లే పోతాయి, 290 దాకా మిగులుతాయి. 250 ప్యాకెట్లను సబ్ సెంటర్ల ఏఎన్ఎంలకు ఇప్పుడే ఇద్దాం. ఎండలు ముదిరే ఏప్రిల్‌కి కొత్త స్టాకు కోసం ఫిబ్రవరిలోనే ఇండెంట్ పెట్టాలి.

పాము విషం విరుగుడు పచ్చలో ఉన్నా నాకు భయంగానే ఉంది. ఒక్క రోగికి మొదటి మోతాదే 8 నుంచి 10 వయల్స్ పడుతుంది. 18 ఉంటే ఒకే రాత్రి ఇద్దరు వస్తే రెండో మనిషికి పూర్తిగా సరిపోకపోవచ్చు. వరికోతల కాలం ఇది. 30 వయల్స్‌కి అత్యవసర ఇండెంట్ రాసి దీనితో జతచేశాను, మేడం గారి సంతకం కావాలి.

గడువు దాటిన సిరప్ సీసాలను ‘వాడరాదు’ అని రాసిన పెట్టెలో పెట్టి, తాళం వేసి స్టాకు నుంచి తీసేశాను. అట్రోపిన్ ట్రే నుంచి రాగానే అందులోకే వెళుతుంది. వాటిని సింకులో పోయకండి, మామూలు చెత్తలో వేయకండి.

ఫైలు స్టోర్ కంప్యూటర్‌లో ఉంది. కొత్త సరుకు వస్తే E కాలమ్‌లో ఆ నెలలోని ఏదో ఒక తేదీ వేసి, మిగిలిన రోజుల కాలమ్‌లో ఇది పెట్టండి:

```
=EOMONTH(E2,0)-TODAY()
```

వరస సంఖ్య మార్చుకుని కిందికి లాగితే చాలు, మైనస్ వస్తే గడువు దాటినట్టు. రిజిస్టర్లో రాసేటప్పుడు ఇకనుంచి నెలను అంకెతో కాకుండా అక్షరాల్లో రాయండి: మార్చి 2026, ఆగస్టు 2026. పక్కనే బ్యాచ్ చివరి నాలుగు అంకెలు కూడా ఉండాలి. మళ్లీ మూడు చోట్లా చేత్తో లెక్కపెట్టేది డిసెంబర్ 1 ఉదయం 9 గంటలకు, ఆ సమయానికి ప్రతి చోటు నుంచి ఒకరు నాతో ఉండండి.

ఫార్మసిస్ట్, మెయిన్ స్టోర్